ముందే చదివిపెట్టుకునేది, అడిగాక చదివేది: సెర్చ్‌లో రెండు దశల సంగతి

(ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం ఇది. తడబాట్లు మాత్రం తీసేశాం. మాట తీరు ఉన్నదున్నట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనుక వరుసలో ఉన్నవారికి తెర కనబడుతోందా? కనబడకపోయినా ఫరవాలేదు. ఉన్నవి రెండే ముక్కలు, చదివేస్తాను. ఒకటి, ‘పీడీఎఫ్‌ను వర్డ్‌గా మార్చడం’. రెండోది, ‘వర్డ్‌ను పీడీఎఫ్‌గా మార్చడం’.

ఈ రెండింటికీ తేడా ఎక్కడుంది? పేర్లు అవే. క్రియ అదే. ఒక ‘ను’, ఒక ‘గా’ చోటు మార్చుకున్నాయి, అంతే. కానీ ఒకటి అడిగినవాడికి రెండోదాని జవాబు ఇస్తే వాడికి పని జరగదు. మనిషికి ఇది ఒక్క చూపులో తెలుస్తుంది. సెర్చ్ యంత్రానికి ఎందుకు తెలియదు? తెలియకపోవడం కాదండీ, చాలాసార్లు మనమే దానికి తెలియకుండా చేస్తాం. కావాలనే చేస్తాం. ఈ గంటసేపు నేను చెప్పబోయేది ఆ ‘కావాలనే’ గురించి.

ఎలా చేస్తామో చూడండి. మాటల ఆధారంగా వెతికే పద్ధతి, అంటే బీఎం25 లాంటిది, తెలుగు మీద నడపాలనుకున్నారు. ‘పీడీఎఫ్‌ను’, ‘పీడీఎఫ్‌గా’, ‘పీడీఎఫ్‌లో’, ‘పీడీఎఫ్‌కు’ అన్నీ దానికి వేరు వేరు మాటలే. వాడు ‘పీడీఎఫ్‌ను’ అని అడిగాడు, జవాబు ఉన్న పేజీలో ‘పీడీఎఫ్ ఫైల్’ అని ఉంది. కలవలేదు. జవాబు చేజారింది. కాబట్టి మీరేం చేస్తారు? ప్రత్యయాలు కోసేస్తారు. అన్నీ ‘పీడీఎఫ్’ అయిపోతాయి. ఇప్పుడు ఆ పేజీ దొరుకుతుంది. మంచిదే. కానీ ‘ను’ పోయింది, ‘గా’ పోయింది, వాటితోపాటు దేన్ని దేనిగా మార్చాలన్న దిశ కూడా పోయింది. ఇప్పుడు తెరమీద ఉన్న ఆ రెండు ముక్కలూ యంత్రానికి ఒక్కటే.

ఇది తప్పు పని అంటారా? నేను అనను. వెతకడం రెండు దశల్లో జరుగుతుంది: మొదటి దశ లక్షల పేరాల్లోంచి ఓ వందను ఏరి తెస్తుంది, రెండో దశ ఆ వందనే మళ్లీ చదివి వరుస మారుస్తుంది. దేన్నీ చేజార్చకూడదు అనుకుంటే కొంత మరిచిపోవాలి. మొదటి దశ మతిమరుపు దాని బలహీనత కాదు, దాని ఉద్యోగం. ఆ మరిచిపోయినదాన్ని తిరిగి గుర్తుచేసుకునే బాధ్యత ఇంకెవరికో అప్పగించాలి, అంతే. ఆ ఇంకెవరో క్రాస్ ఎన్‌కోడర్.

వెక్టర్లు, అంటే అర్థాన్ని అంకెల వరుసగా రాసినవి, వాడితే ఈ బాధ ఉండదు కదా అని ఎవరో అనబోతున్నారు, ముఖంలో కనబడుతోంది. వెక్టర్ల సంగతే చూద్దాం. బై ఎన్‌కోడర్ అంటే ఏమిటి? ప్రశ్నను విడిగా చదువుతుంది, ఒక వెక్టర్ ఇస్తుంది. పేరాను విడిగా చదువుతుంది, ఒక వెక్టర్ ఇస్తుంది. ఆ రెండు వెక్టర్లు ఎంత దగ్గరగా ఉన్నాయో కొలుస్తాం. చిన్న మోడల్ అయితే వెక్టర్‌లో 384 అంకెలుంటాయి. పేరాలో ఏమున్నా, వందమాటలున్నా, అందులో నాలుగు విషయాలున్నా, అంతా ఆ 384 అంకెల్లో ఇమడాలి. పైగా, ఇక్కడ కాస్త ఆగండి, ఎవరు ఏమి అడగబోతున్నారో తెలియకముందే ఇమడాలి.

పరీక్షకు వెళ్లే విద్యార్థి ప్రశ్నపత్రం చూడకుండా ఒక చిన్న చీటీ మీద పాఠమంతా రాసుకున్నట్టు. పాఠం దేని గురించో ఆ చీటీలో తప్పకుండా ఉంటుంది. ‘ఇది వర్డ్, పీడీఎఫ్, మార్పిడి గురించిన పేరా’ అని రాసుకుంటాడు. దేన్ని దేనిగా అన్నది రాసుకున్నాడా? రాసుకోవచ్చు, రాసుకోకపోవచ్చు. కాగితం చిన్నది.

క్రాస్ ఎన్‌కోడర్ చీటీ రాసుకోదు. ప్రశ్ననూ పేరానూ పక్కపక్కన అతికించి, మధ్యలో ఒక గుర్తు పెట్టి, రెండింటినీ కలిపి ఒకే వాక్యంలా చదువుతుంది. చదివి ఒకే ఒక్క అంకె ఇస్తుంది: ఈ ప్రశ్నకు ఈ పేరా ఎంత తగింది అని. వెక్టర్ ఏదీ మన చేతికి రాదు. ఒక జతకు ఒక అంకె.

కలిపి చదివితే ఏమవుతుంది? లెక్క వేద్దాం. టోకెన్ అంటే మోడల్ చదివే మాట ముక్క. ప్రశ్నలో 10 టోకెన్లు, పేరాలో 100 టోకెన్లు అనుకోండి. అటెన్షన్ అంటే ప్రతి టోకెన్ మిగతా అన్నింటినీ, తనతో సహా, చూడటం. కలిపి 110 కాబట్టి మోడల్‌లోని ఒక్కో పొరలో 110 సార్లు 110, అంటే 12,100 చూపులు. వీటిలో ప్రశ్న నుంచి పేరాకు 1,000, పేరా నుంచి ప్రశ్నకు 1,000. ఈ రెండు వేల చూపులు బై ఎన్‌కోడర్‌లో అసలు ఉండవు. ఒక్కటి కూడా ఉండదు. ప్రశ్నలోని ‘వర్డ్‌గా’ వెళ్లి పేరాలోని ‘వర్డ్‌ను’తో ముఖాముఖి అయ్యేది ఆ రెండు వేల చూపుల్లోనే. ‘నేను గా, నువ్వు ను, మనకు పొసగదు’ అని తేల్చుకునేది అక్కడే.

మరి ఇంత బాగుంటే అన్నింటికీ ఇదే వాడొచ్చు కదా? ఎందుకు వాడం? ఖర్చు అంటారు. అందరూ ఖర్చు అనే చెబుతారు. అది నిజమే కానీ అసలు కారణం చెప్పినట్టు కాదు. ఒక జతను చదవడానికి క్రాస్ ఎన్‌కోడర్‌కు పట్టే సమయం, అదే పరిమాణంలో ఉన్న బై ఎన్‌కోడర్ ఒక పేరా చదవడానికి పట్టే సమయం కంటే మరీ ఎక్కువేమీ కాదు. 100 టోకెన్లకు బదులు 110 టోకెన్లు, అంతే కదా! తేడా ఎక్కడుందంటే, బై ఎన్‌కోడర్ ఆ పనిని నిన్న రాత్రే చేసి పెట్టుకోగలదు. క్రాస్ ఎన్‌కోడర్ పెట్టుకోలేదు.

ఎందుకు పెట్టుకోలేదు? మళ్లీ ఆ చూపుల దగ్గరికి రండి. పేరాలోని టోకెన్లు ప్రశ్నను కూడా చూస్తున్నాయి. మొదటి పొర దాటేసరికే పేరాలోని ప్రతి మాట అర్థంలో ప్రశ్న కలిసిపోయింది. ఈ ప్రశ్న పక్కన చదివిన పేరా వేరు, ఆ ప్రశ్న పక్కన చదివిన అదే పేరా వేరు. దాచుకోవడానికి ప్రశ్నతో సంబంధం లేని ‘పేరా’ అంటూ అందులో మిగలదు. దాని బలమేదో, దాని ఇబ్బంది కూడా అదే. అందుకే నేను చవక, ఖరీదు అన్న మాటల కంటే ‘ముందే చేయగల పని’, ‘అడిగాకే చేయగల పని’ అన్న మాటలు ఇష్టపడతాను. రెండు దశల మధ్య గీత పడేది సరిగ్గా అక్కడ.

ఇప్పుడు అంకెలు. ఎంఎస్ మార్కో అని ఒక ప్రసిద్ధమైన సేకరణ ఉంది, చాలామంది పేరు వినే ఉంటారు. అందులో 88 లక్షల పైచిలుకు పేరాలున్నాయి. దాని మీద నేర్పిన ఒక చిన్న క్రాస్ ఎన్‌కోడర్, ఆరు పొరలది, వీ100 జీపీయూ మీద సెకనుకు సుమారు 1,800 జతలు చదువుతుందని దాన్ని విడుదల చేసినవాళ్లే రాశారు. చాలా వేగం కదా? 88 లక్షలను 1,800తో భాగించండి. దాదాపు 4,900 సెకన్లు. అంటే 81 నిమిషాలు. ఒక్క ప్రశ్నకు! ఇంకొకరు ఇంకో ప్రశ్న అడిగితే మళ్లీ మొదటి నుంచి ఇంకో 81 నిమిషాలు. నిన్న చదివినది ఇవాళ పనికిరాదు.

అదే 100 పేరాలే ఇస్తే? సెకనులో పద్దెనిమిదో వంతు, 56 మిల్లీసెకన్లు. అడిగినవాడికి తెలియను కూడా తెలియదు. వెయ్యి ఇస్తే అర సెకను దాటుతుంది. అది తెలుస్తుంది.

ఈ సంగతి మొదట గట్టిగా బయటపడింది 2019లో. అప్పటికి గూగుల్ వాళ్ల భాషా మోడల్ బర్ట్ వచ్చి కొద్ది నెలలే. ఆ జనవరిలో నొగెయిరా, చో అనే ఇద్దరు చాలా చిన్న పని చేశారు. చిన్నది అంటే తక్కువ అని కాదు, కొద్ది పేజీల్లో చెప్పగలిగినంత సూటైనది. బీఎం25 ఇచ్చిన మొదటి వెయ్యి పేరాలు తీసుకున్నారు. ఒక్కోదాన్నీ ప్రశ్న పక్కన పెట్టి బర్ట్‌తో చదివించారు. వచ్చిన అంకెల ప్రకారం మళ్లీ వరుస పెట్టారు. సరైన జవాబు మొదటి స్థానంలో ఉంటే 1, రెండో స్థానంలో ఉంటే సగం, మూడో స్థానంలో ఉంటే మూడో వంతు, పదిలో లేకపోతే సున్నా, ఇలా వేసి సగటు తీసే కొలత ఒకటుంది. ఆ కొలతలో ఊరికే బీఎం25కు వచ్చింది 0.17 దగ్గర. అప్పటిదాకా అందరికంటే ముందున్న పద్ధతికి 0.28. వీళ్లకు 0.36 దగ్గర. కొత్త ఇండెక్స్ లేదు, కొత్త సేకరణ లేదు. అవే వెయ్యి పేరాలు, వరుస మారింది, అంతే.

అదే సంవత్సరం ఇంకో పక్క నుంచి కూడా ఇదే విషయం బయటపడింది. పదివేల వాక్యాల్లో ఒకదానికొకటి అన్నిటికంటే దగ్గరగా ఉన్న జత ఏదో కనిపెట్టాలి. జతలు ఎన్ని? దాదాపు ఐదు కోట్లు. బర్ట్‌తో జతలుగా చదివిస్తే 65 గంటలు పడుతుందని, వాక్యానికో వెక్టర్ తీసి పోలిస్తే ఐదు సెకన్లు చాలని సెంటెన్స్ బర్ట్ రాసినవాళ్లు లెక్క చెప్పారు. ఐదు సెకన్ల పద్ధతి గొప్పదా, 65 గంటల పద్ధతి గొప్పదా అని వాదించుకోవడం వృథా. ఒకటి మొదట నిలబడాలి, ఇంకొకటి దాని వెనుక నిలబడాలి.

సరే, ఒక ప్రశ్నను చేయి పట్టుకుని రెండు దశల్లోనూ నడిపిద్దాం. ‘పీడీఎఫ్ ఫైలును వర్డ్‌గా మార్చడం ఎలా’. మన దగ్గర సాఫ్ట్‌వేర్ సహాయ పేజీలు కొన్ని లక్షల పేరాలుగా ఉన్నాయనుకోండి. మొదటి దశ వంద తెచ్చింది. మొదటి స్థానంలో ఏముందో ఊహించండి. ‘వర్డ్ ఫైలును పీడీఎఫ్‌గా మార్చాలంటే ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ నొక్కండి’. మాటలన్నీ కలిశాయి, వెక్టరూ దగ్గరే. దిశ మాత్రం తలకిందులు. సరైన పేరా పదిహేడో స్థానంలో ఉంది. అందులో ఇలా ఉంది: ‘పీడీఎఫ్‌ను నేరుగా వర్డ్‌లో తెరవండి. మార్పులు చేసుకోవడానికి వీలైన ఒక ప్రతి తయారవుతుంది’. చూశారా, ‘వర్డ్‌గా’ అన్న మాట అందులో లేనేలేదు. ‘మార్చడం’ కూడా లేదు, ‘మార్పులు’ ఉంది, అది వేరే అర్థంలో. మాటలు లెక్కపెట్టేవాడు దీన్ని పదిహేడో స్థానంలో పెట్టాడంటే గొప్పే అనాలి.

ఇప్పుడు ఈ వందనూ ప్రశ్న పక్కన పెట్టి చదివిస్తాం. కోడ్ ఇంతే, చూడండి. query అంటే మన ప్రశ్న, candidates అంటే మొదటి దశ తెచ్చిన వంద పేరాలు. కింద మోడల్ పేరున్న చోట మీ భాషకు తగిన మోడల్ పేరు పెట్టుకోవాలి. ఇది ఇంగ్లీషు మీద నేర్పినది, తెలుగుకు బహుభాషా మోడల్ కావాలి.

```python
from sentence_transformers import CrossEncoder

model = CrossEncoder("cross-encoder/ms-marco-MiniLM-L-6-v2")
scores = model.predict([(query, p) for p in candidates])
order = scores.argsort()[::-1]
```

మంచి మోడల్ అయితే పదిహేడోది పైకి వస్తుంది, తలకిందుల పేరా కిందికి జారుతుంది. ఎంత కిందికి? ఇక్కడ అత్యాశ వద్దు. రెండో స్థానంలోనో మూడో స్థానంలోనో ఆగిపోవచ్చు. విషయం అదే కదా, దిశే తప్పు. వందో స్థానానికి పోదు. నేను చాలామందిని చూశాను, తప్పు పేరా పూర్తిగా మాయమైపోవాలని ఎదురుచూస్తారు. రీర్యాంకింగ్ వరుస మారుస్తుంది, తీసి పారేయదు.

ఇప్పుడు ఇదే కథను కొంచెం తిప్పుదాం. సరైన పేరా పదిహేడో స్థానంలో కాకుండా నూట నలభయ్యో స్థానంలో ఉందనుకోండి. మనం వందే పంపాం. ఏమవుతుంది? ఏమీ కాదు! క్రాస్ ఎన్‌కోడర్‌కు అది రానేలేదు. ఎంత తెలివైన న్యాయమూర్తి అయినా, కోర్టుకు రాని సాక్షి మాట వినలేడు కదా. ఈ ఒక్క సంగతి అర్థమైతే ఈ ప్రసంగంలో సగం మీ దగ్గర ఉన్నట్టే: రెండో దశ పైకప్పు ఎంత ఎత్తో మొదటి దశ నిర్ణయిస్తుంది.

దీన్ని కొలవడం చాలా సులభం, కానీ కొలిచేవాళ్లు తక్కువ. జవాబు ఏ పేరాలో ఉందో తెలిసిన వంద ప్రశ్నలు పోగు చేయండి. మొదటి దశను మాత్రమే నడపండి. జవాబు మొదటి పదిలో ఎన్ని ప్రశ్నలకు వచ్చింది, యాభైలో ఎన్నిటికి, వందలో, ఐదు వందల్లో? లెక్క కోసం ఊహించిన అంకెలు చెబుతాను, ఎవరి ఫలితాలూ కావు: 61, 82, 88, 93. దీన్నెలా చదవాలి? వంద పేరాలు పంపితే, లోకంలోకెల్లా గొప్ప క్రాస్ ఎన్‌కోడర్ తెచ్చినా, తప్పే చేయని దేవుణ్ణి తెచ్చి కూర్చోబెట్టినా, 88 దాటదు. మిగిలిన 12 ప్రశ్నలకు జవాబు మొదటి దశలోనే పోయింది. వంద నుంచి ఐదు వందలకు వెళ్తే ఇంకో 5 దొరుకుతాయి, సమయం ఐదు రెట్లవుతుంది. ఆ ఐదు ప్రశ్నలు మీకు అంత విలువైనవా? అది మీ లెక్క, నేను చెప్పలేను. కానీ ఆ పట్టిక లేకుండా ‘వంద చాలు’ అనేవారినీ ‘వెయ్యి కావాలి’ అనేవారినీ నేను నమ్మను.

పైగా, ఎక్కువ పంపితే ఎప్పుడూ మేలే అన్నది కూడా నిజం కాదు. ఇది కొంచెం వింతగా అనిపిస్తుంది. ఎక్కువ పంపితే జవాబు అందులో ఉండే అవకాశం పెరుగుతుంది కదా, నష్టమేమిటి? నష్టం ఏమిటంటే, క్రాస్ ఎన్‌కోడర్‌కు నేర్పేటప్పుడు తప్పు జవాబులుగా ఏవి చూపిస్తారు? మామూలుగా మొదటి దశ పైవరుసలో తెచ్చిన తప్పులనే. అవే కష్టమైనవి కాబట్టి. ఎనిమిది వందల స్థానంలో ఉండే, ప్రశ్నతో ఏ సంబంధమూ లేని చిత్రమైన పేరాలను అది పెద్దగా చూడలేదు. చూడనిదానికి ఏ అంకె ఇస్తుందో ఎవరికి తెలుసు? చాలావాటికి తక్కువే ఇస్తుంది. ఎక్కడో ఒకదానికి, ఊరికే, చాలా ఎక్కువ ఇచ్చేస్తుంది. ఎన్ని పంపితే అలాంటి ‘ఒకటి’ తగిలే అవకాశం అంత పెరుగుతుంది. అందుకని 50, 100, 200, 500 దగ్గర విడివిడిగా కొలిచి చూడండి. గీత పైకెక్కి, చదునై, మెల్లగా దిగడం మీకే కనబడవచ్చు.

తప్పులు జరిగే చోట్లు చాలా ఉన్నాయి కానీ నన్ను బాగా ఏడిపించినవి రెండు. అవే చెబుతాను.

మొదటిది పొడవు. బర్ట్ వంశంలోని మోడళ్లు చాలావరకు ఒకసారికి 512 టోకెన్లు చదువుతాయి. ప్రశ్న, పేరా, మధ్యలో గుర్తులు, అన్నీ కలిపి 512. అంతకు మించితే? లోపం అని చెప్పదు, ఎర్ర అక్షరాలు రావు. తోక కత్తిరించి, మిగిలింది చదివి, ధీమాగా ఒక అంకె ఇస్తుంది. తెలుగువాళ్లకు ఇది ఇంకా తొందరగా తగులుతుంది. ఎందుకంటే బహుభాషా మోడళ్లలో తెలుగు మాట ఒక్కటే అనేక టోకెన్లుగా ముక్కలవుతుంది. ఇంగ్లీషులో హాయిగా పట్టే పేజీ తెలుగులో సగంలోనే తెగిపోవచ్చు. ఒకసారి మా దగ్గర ఒక పొడవాటి పేజీ, అందులో జవాబు ఖచ్చితంగా ఉంది, మొదటి దశలో మూడో స్థానంలో ఉండి, రీర్యాంకింగ్ తర్వాత అరవై చిల్లరకు పడిపోయింది. రెండు రోజులు మోడల్‌ను తిట్టాం. పాపం, జవాబు చివరి పేరాలో ఉంది. మోడల్ దాన్ని చూడనే లేదు.

దీన్ని పట్టుకోవడానికి ఒక చిన్న పరీక్ష. ఆ జవాబున్న పేరాను తీసి పేజీ మొదట్లో పెట్టి మళ్లీ అంకె వేయించండి. అంకె ఒక్కసారిగా ఎగిరిందా? అయితే జబ్బు కత్తెరది. పెద్దగా కదల్లేదా? అప్పుడు మోడల్‌ను తిట్టండి. మందు ఏమిటంటే పేజీని చిన్న భాగాలుగా, ఒకదాని చివరి ముక్క తర్వాతి దాని మొదట్లోనూ కాస్త వచ్చేలా కోసి, ఒక్కో భాగానికీ అంకె వేయించి, అన్నిటికంటే పెద్ద అంకెను ఆ పేజీ అంకెగా తీసుకోవడం. జతల సంఖ్య పెరుగుతుంది, సమయమూ పెరుగుతుంది. ఊరికే ఏదీ రాదు.

రెండోది సంకేతాలు. ఒకరు `0x80070005` అని ఒక లోపసంఖ్య పెట్టి అడిగారు. విండోస్‌లో అది అనుమతి లేదు అని చెప్పే సంఖ్య. `0x80070057` అని ఇంకొకటి ఉంది, అది ఇచ్చిన విలువ చెల్లదు అని. చివర రెండు అంకెలు తప్ప అంతా ఒకటే. బీఎం25కు ఇందులో కష్టమేమీ లేదు. మాట కలిసిందా, లేదా? కలిసిన పేజీని మొదట పెడుతుంది. అప్పుడు మన గొప్ప క్రాస్ ఎన్‌కోడర్ వస్తుంది. దానికి ఈ సంఖ్య నాలుగైదు ముక్కలుగా కనబడుతుంది, ముక్కల్లో చాలావరకు రెండింటిలోనూ అవే. ‘ఏదో విండోస్ లోపసంఖ్య, ఎలా సరిచేయాలో వివరంగా రాసిన పేజీ’ అని చూసి, తప్పు సంఖ్య ఉన్న పేజీని, అది చక్కగా రాసి ఉందని, పైకి తెస్తుంది. సరిగ్గా ఉన్నదాన్ని పాడు చేయడం అంటే ఇదే. కాబట్టి రీర్యాంకింగ్ ముందు, తర్వాత రెండు వరుసలూ దాచుకోండి. ముందు మొదటి మూడింటిలో ఉండి తర్వాత పదిలో కూడా లేకుండా పోయిన సరైన జవాబులను మాత్రమే ఏరి చదవండి. సగటు అంకె పెరిగిందని సంతోషిస్తే ఇవి కనబడవు. ఇలాంటివి ఎక్కువ ఉంటే మొదటి దశ అంకెనూ రెండో దశ అంకెనూ తగిన పాళ్లలో కలపండి, లేదా ప్రశ్నలో ఇలాంటి సంఖ్య కనబడితే అది అక్షరాలా ఉన్న పేజీలను ముందుంచండి. అందంగా ఉండదు, పని చేస్తుంది.

ప్రశ్నలు తీసుకుంటాను. ఆ, మీరు అడగండి.

‘క్రాస్ ఎన్‌కోడర్ ఇచ్చిన అంకెకు ఒక హద్దు పెట్టి, అంతకంటే తక్కువైతే జవాబు లేదు అని చెప్పవచ్చా’ అని అడుగుతున్నారు. చెప్పవచ్చు, జాగ్రత్తగా. ఇందాక చూపించిన మోడల్ ఒక జతకు 8.6 ఇస్తుంది, ఇంకోదానికి మైనస్ 4.3 ఇస్తుంది. అవి శాతాలు కావు. ఒకే ప్రశ్న కింద పేరాలను పోల్చడానికి నేర్పిన అంకెలు అవి. ఒక ప్రశ్నలో 3 గొప్ప జవాబు కావచ్చు, ఇంకో ప్రశ్నలో 5 కూడా పనికిరానిది కావచ్చు. జవాబు లేని ప్రశ్నలు కూడా కొన్ని పోగుచేసి, మీ సేకరణ మీద చూసి హద్దు పెట్టుకోండి. మోడల్ మారిస్తే హద్దు మళ్లీ మొదటినుంచి.

ఇంకొకరు, ‘యంత్రాల వేగం పెరిగితే మొదటి దశ అవసరమే ఉండదేమో’ అంటున్నారు. వంద రెట్లు పెరిగిందనుకుందాం. 81 నిమిషాలు 49 సెకన్లు అవుతాయి. 49 సెకన్లు మీరు ఆగుతారా? అదీ ఒక్క మనిషి ఒక్క ప్రశ్న అడిగితే. అప్పటికి సేకరణ 88 లక్షల దగ్గరే ఆగి ఉంటుందా? మధ్యేమార్గాలు లేకపోలేదు. కోల్‌బర్ట్ అని 2020లో వచ్చింది. పేరాకు ఒక్క వెక్టర్ కాకుండా టోకెన్‌కు ఒకటి చొప్పున ముందే దాచుకుంటుంది, అడిగాక ప్రశ్నలోని ప్రతి టోకెన్‌కూ దగ్గరి జోడీ వెతుకుతుంది. చీటీ కాస్త పెద్దదైంది అనుకోండి. దాచుకునే చోటు బాగా పెరుగుతుంది. అయినా చీటీ రాసేటప్పుడు ప్రశ్న తెలియదన్న సంగతి మారదు.

చివరిగా ఆ మూలన కూర్చున్నవారు. చాలాసేపటి నుంచి చేయి ఎత్తే ఉన్నారు. ‘ఆరు పొరల మోడల్ తీసేసి దానికంటే ఎంతో పెద్దది పెట్టాం, నాలుగు రెట్లు ఆలస్యమైంది, ఫలితం అలాగే ఉంది’ అంటున్నారు. నేను ఒక్కటే అడుగుతాను. ఫలితం తప్పిన ప్రశ్నల్లో సరైన జవాబు మొదటి దశ తెచ్చిన వందలో ఉందా? ... చూడలేదా. అయితే మోడల్‌ను ఇంకా ఏమీ అనకండి. తప్పిన ప్రశ్నలు ఒక ఇరవై తీసి, ఒక్కోదాని పక్కన ‘ఉంది’, ‘లేదు’ అని రాయండి, పెన్నుతోనే. ‘లేదు’లే ఎక్కువైతే పాత చిన్న మోడల్‌నే మళ్లీ పెట్టుకుని, మిగిలిన సమయాన్ని మీ ఇండెక్స్ మీద పెట్టండి.